రక్తదాతల గ్రూపులో ఆరుగురు అడ్మిన్లు: పని ఎలా పంచుకుంటే మంచిది?

కర్నూలు పెద్దాసుపత్రికి ఈ జిల్లా కేసులొక్కటే రావు. నంద్యాల 2022లో వేరే జిల్లా అయినా అక్కడి సీరియస్ కేసులు ఇప్పటికీ ఇక్కడికే వస్తాయి. ఆదోని, ఆలూరు వైపు నుంచి వస్తాయి, తుంగభద్ర అవతల గద్వాల వైపు నుంచి కూడా వస్తాయి. పేషెంటు వెంట వచ్చినవాళ్లకు ఈ ఊళ్లో తెలిసిన మొహం ఒక్కటీ ఉండదు. రక్తం తెమ్మని డాక్టరు చీటీ రాసిస్తే ఎవర్ని అడగాలో తోచక వరండాలో నిలబడతారు. అందుకే ఇక్కడ రక్తదాతల వాట్సాప్ గ్రూపులు తొందరగా పెరుగుతాయి.

వందమంది ఉన్నంతవరకు ఒకరిద్దరు అడ్మిన్లతో గడిచిపోతుంది. సభ్యులు ఎనిమిది తొమ్మిది వందలకు చేరేసరికి అడ్మిన్లు ఐదారుగురవుతారు, చిక్కు అక్కడ మొదలవుతుంది. అందరూ మంచి మనసుతోనే పనిచేస్తుంటారు, కానీ ఒకరి పనికి ఇంకొకరు అడ్డం పడుతుంటారు. ఒకరు పెట్టిన రిక్వెస్టును ఇంకొకరు ఫేక్ అనుకుని తీసేస్తారు. ఒకరు వద్దని ఆపిన మనిషిని వేరొకరు "మనకు తెలిసినోడే" అంటూ లోపలికి తీసుకొస్తారు. అన్నిటికంటే ప్రమాదమైనది ఇంకోటి ఉంది. రాత్రి పది గంటలకు రాజకీయాల మీద గొడవ ముదిరిందని ఒక అడ్మిన్ గ్రూపులో ఎవరూ మెసేజ్ పెట్టకుండా ఆపేస్తారు. పదకొండున్నరకు ఇంకో అడ్మిన్ రక్తం కావాలని పోస్టు పెడతారు. అడ్మిన్ కాబట్టి ఆ పోస్టు మామూలుగా వెళ్లిపోతుంది. చదివిన దాతకు మాత్రం "నేను వస్తా అన్నా" అని జవాబు రాసే వీలుండదు. పోస్టు పెట్టినవాళ్లేమో ఎవరూ స్పందించలేదని ఎదురుచూస్తూ కూర్చుంటారు.

ఇలాంటి గ్రూపులో పని పంచుకోవడానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మూడూ దగ్గరి నుంచి చూశాక నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. దాని దగ్గరికి పోయేముందు ఒక్కో పద్ధతి ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ కూలుతుందో చూద్దాం.

పనిని బట్టి పంచుకోవడం

అందరికీ ముందు తట్టేది ఇదే. ఇద్దరు కొత్త సభ్యుల్ని చేర్చుకునే పని చూస్తారు, ఇద్దరు రిక్వెస్టులు పోస్టు చేస్తారు, ఇద్దరు గ్రూపులో అనవసరమైన మెసేజీలు, గొడవలు చూసుకుంటారు. కాగితం మీద ఇంతకంటే చక్కని ఏర్పాటు ఉండదు. ఎవరి పని వాళ్లకు తెలుసు, ఒకే పని రోజూ చేస్తారు కాబట్టి చేయి తిరుగుతుంది. ముఖ్యంగా సభ్యుల్ని చేర్చుకునే పనికి ఈ పద్ధతి బాగా కుదురుతుంది. ఎవరెవర్ని ఎందుకు ఆపామో ఒకే మనిషికి గుర్తుంటుంది.

ఇది కూలేది రాత్రిపూట. పోస్టులు పెట్టే ఇద్దరిలో ఒకరు కాలేజీ లెక్చరరు, ఇంకొకరు మెడికల్ షాపు నడిపేవారు అనుకుందాం. తెల్లవారుజామున మూడింటికి రిక్వెస్టు వస్తుంది. ఇద్దరూ నిద్రలో ఉంటారు. మెలకువగా ఉన్న అడ్మిన్ సభ్యుల్ని చేర్చుకునేవారు. పోస్టు పెట్టడం తన పని కాదని ఆగితే పేషెంటుకు నష్టం, పెట్టేస్తే ఏర్పాటు తప్పినట్టు. రెండుసార్లు అలా పెట్టాక మూడోసారి నుంచి అందరూ అన్నీ చేయడం మొదలుపెడతారు. పేరుకు పంపకం మిగులుతుంది, పని మళ్లీ కలగాపులగమవుతుంది.

ఊళ్లను బట్టి పంచుకోవడం

నంద్యాల రిక్వెస్టులు నంద్యాల అడ్మిన్, ఆదోనివి ఆదోని అడ్మిన్, కర్నూలు టౌనువి ఇక్కడివాళ్లు. ఆసుపత్రికి నడిచివెళ్లి విషయం కనుక్కోగలిగే మనిషి చేతిలో ఆ ఊరి పని ఉండటం నిజంగా పెద్ద లాభం. ఫోనులో చెప్పింది నిజమో కాదో పది నిమిషాల్లో తేలిపోతుంది.

అయితే పేషెంటు ఊరు ఒకటి, పడుకున్న ఆసుపత్రి ఇంకొకటి, దాత ఉండేది మరొకచోట. ఆదోని పేషెంటు కర్నూల్లో ఉంటే అది ఎవరి పని? ఆదోని అడ్మినూ పెడతారు, కర్నూలు అడ్మినూ పెడతారు. ఒకే మనిషికి రెండు పోస్టులు, రెండింటిలో వేరువేరు ఫోన్ నంబర్లు, ఒకదాంట్లో 2 యూనిట్లు, ఇంకోదాంట్లో 3. డోన్ నుంచి బస్సెక్కి వచ్చిన దాతకు బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర "సరిపోయిందండి" అన్న మాట వినబడుతుంది. అలా వెనక్కి వెళ్లిన దాత మళ్లీ పిలిస్తే రావడం కష్టం. ఊళ్లవారీ పంపకం విడివిడి గ్రూపులకు పనికొస్తుంది కానీ ఒకే గ్రూపులో ఉన్నవాళ్లకు నేను సలహా ఇవ్వను.

వంతుల వారీగా పంచుకోవడం

ఫలానా సమయానికి ఫలానా మనిషి డ్యూటీ. ఆ ఎనిమిది గంటలూ పోస్టు పెట్టేదీ వాళ్లే, తీసేసేదీ వాళ్లే, చేర్చుకునేదీ వాళ్లే. మిగతా ఐదుగురు చేతులు కట్టుకుంటారు. ఒక సమయంలో ఒకే మనిషి పనిచేస్తారు కాబట్టి ఢీకొనే అవకాశమే లేదు. అత్యవసరం అన్నదానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

బలహీనత ఎక్కడంటే, ఆరుగురికీ ఆరు కొలతలుంటాయి. పొద్దున డ్యూటీలో ఉన్నవారు అన్నీ అడిగి తెలుసుకుని గానీ ఎవర్నీ చేర్చుకోరు. సాయంత్రం డ్యూటీవారు పేరు చూసి వెంటనే నొక్కేస్తారు. ఇది తెలిసినవాళ్లు సాయంత్రం దాకా ఆగి అడుగుతారు. డబ్బుకు రక్తం ఇప్పిస్తామనే బ్రోకర్లు దూరేది సరిగ్గా ఈ సందులోంచే. డబ్బు తీసుకుని రక్తమిచ్చే పద్ధతిని సుప్రీంకోర్టు 1996 తీర్పుతో 1998 జనవరి నుంచి మన దేశంలో నిషేధించారు. అయినా ఆసుపత్రుల చుట్టూ ఆ మనుషులు తిరుగుతూనే ఉంటారు. వాళ్లకు మన గ్రూపులో కావాల్సింది ఒక్కటే, కష్టంలో ఉన్న అటెండర్ల, అంటే పేషెంటు వెంట వచ్చినవాళ్ల, ఫోన్ నంబర్లు.

అయితే ఏది ఎంచుకోవాలి

నా మాట ఇది. పనులను పేర్లను బట్టి విడదీయొద్దు, ఆగగలవా లేవా అన్నదాన్ని బట్టి విడదీయండి. ప్రతి పనికీ ఒకే ప్రశ్న వేయండి: ఇది రేపు పొద్దున దాకా ఆగితే ఎవరికైనా నష్టమా? నష్టమైతే అది వంతులో ఉన్న మనిషి పని. నష్టం లేకపోతే అది పేరుపెట్టి ఒకరికి అప్పగించిన పని, డ్యూటీలో ఎవరున్నా వాళ్లు దాన్ని ముట్టుకోకూడదు.

ఈ ప్రశ్నతో చూస్తే పోస్టులు పెట్టడం ఆగదు, కాబట్టి వంతుకు పోతుంది. అవసరం తీరాక ఆ పోస్టు తీసేయడమూ ఆగదు, ఎందుకంటే ఎవరో ఒకరు బయలుదేరి వస్తుంటారు. గొడవ పడుతున్న మెసేజీ తీయడం, గ్రూపును కాసేపు మూయడం, తెరవడం కూడా వంతులోని మనిషికే చెందాలి. ఎందుకంటే గ్రూపు తెరిచి ఉందో మూసి ఉందో తెలియాల్సింది పోస్టు పెట్టేవాళ్లకే. కొత్త సభ్యుల్ని చేర్చుకోవడం మాత్రం ఆగుతుంది. ఒక మనిషిని గ్రూపులోంచి పంపించేయడమూ ఆగుతుంది. సెట్టింగులు మార్చడం, కొత్త అడ్మిన్‌ను పెట్టడం ఎప్పుడూ తొందర పనులు కావు.

చేర్చుకోవడం ఆగితే పాపం ఆ అటెండరు ఏం కావాలని అడుగుతారు చాలామంది. అసలు తికమకంతా అక్కడే ఉంది. రక్తం కావాల్సిన మనిషికి గ్రూపులో సభ్యత్వం ఎందుకు? గ్రూపు దాతలది. అటెండరుకు కావాల్సింది డ్యూటీ అడ్మిన్ నంబరు. ఆ నంబరు గ్రూపు వివరణలో, పంచే కార్డుల మీద ఉంటే ఫోను నేరుగా వాళ్లకే వస్తుంది. "సార్, మా అమ్మికి రక్తం కావాలన్నారు" అని రాత్రిపూట ఫోను చేసినవాళ్లను లింకు నొక్కి, అనుమతికి ఎదురుచూసి, లోపలికొచ్చి అడగమనడం న్యాయం కాదు. అటెండర్లను చేర్చుకోకూడదని ఒక్క నియమం పెట్టుకుంటే అనుమతుల పనిలో తొందర అనేదే పోతుంది. అర్ధరాత్రి లింకు నొక్కిన కొత్త దాతకు మర్నాడు మధ్యాహ్నం జవాబు వచ్చినా ఫరవాలేదు.

ఆరుగురు ఉంటే పంపకం ఇలా చేస్తాను. నలుగురు వంతుల్లో తిరుగుతారు. ఒకరు చేర్చుకునే పని మాత్రమే చూస్తారు. ఆరోవారు గ్రూపు పుట్టించిన నంబరు గలవారు, సెట్టింగులూ అడ్మిన్ల మార్పూ వాళ్ల చేతిలో ఉంటాయి. చేర్చుకునేవారికి ఒంట్లో బాగాలేకపోతే ఆరోవారే ఆ పని చూస్తారు. వంతుల్లో ఉన్నవాళ్లకు మాత్రం దాన్ని ఇవ్వకూడదు.

ఏ యాప్ ఈ పంపకాన్ని నిలబెడుతుంది

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మామూలు వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లందరికీ ఒకే అధికారం. ఒకరికి చేర్చుకోవడం మాత్రమే, ఇంకొకరికి తీసేయడం మాత్రమే అని తాళం వేయడానికి అందులో వీల్లేదు. ఆరుగురిలో ఎవరైనా ఎవర్నైనా చేర్చుకోవచ్చు, పంపించేయవచ్చు, ఇంకో అడ్మిన్‌ను దింపేయవచ్చు. గ్రూపు పుట్టించినవారిని మాత్రం మిగతా అడ్మిన్లు దింపలేరు. కాబట్టి వాట్సాప్‌లో పంపకం అంటే మాట మీద నడిచేదే. మాట తప్పితే కనిపెట్టడానికి ఒకటి రెండు ఆనవాళ్లున్నాయి. అడ్మిన్ ఇంకొకరి మెసేజీని తీసేస్తే తీసింది ఎవరో ఆ చోట పేరుతో సహా కనిపిస్తుంది. అంతకుమించి ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న చిట్టా విడిగా ఉండదు.

టెలిగ్రామ్‌లో తాళాలున్నాయి. ఒక్కో అడ్మిన్‌కు ఏ అధికారం ఇవ్వాలో విడివిడిగా ఎంచుకోవచ్చు. వంతులోని నలుగురికీ `Delete Messages`, `Pin Messages` ఇచ్చి, `Ban Users` తీసేయవచ్చు. చేర్చుకునేవారికి `Invite Users via Link` ఒక్కటే ఇవ్వవచ్చు. `Add New Admins` ఓనరు దగ్గరే ఉంచుకోవచ్చు. ఎవరు ఏం చేశారో `Recent Actions` లో 48 గంటల దాకా కనిపిస్తుంది కాబట్టి రెండు రోజులకొకసారి ఎవరో ఒకరు చూస్తే ఏదీ దాగదు. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. చేరతామని అడిగినవాళ్లను అనుమతించే అధికారమూ, కొత్త లింకులు తయారుచేసే అధికారమూ ఒకటే. చేర్చుకునేవారు అనుమతి అక్కర్లేని లింకు ఒకటి పొరపాటున తయారుచేసి ఎక్కడైనా పెడితే జనం అడగకుండానే లోపలికి వచ్చేస్తారు. లింకు తయారుచేసేటప్పుడు `Request Admin Approval` పెట్టారా లేదా అన్నది ఓనరు ఒకసారి చూసుకోవాలి.

ఇన్ని సౌకర్యాలుంటే అందరూ టెలిగ్రామ్‌కే పోవాలి కదా. నేను పొమ్మనను, కనీసం 1024 మంది దాటేదాకా. వాట్సాప్ గ్రూపు పరిమితి అది. మన దాతల్లో కాలేజీ పిల్లలకు టెలిగ్రామ్ ఉంటుంది, మిగతావాళ్లకు ఉన్నా తెరవరు. ఆటో నడిపే మనిషి, కిరాణా కొట్టాయన, పోలీసు క్వార్టర్స్‌లోని కానిస్టేబుల్ రాత్రి చూసేది వాట్సాప్. తాళాలు ఎంత బాగున్నా పోస్టు చదివేవాళ్లు లేకపోతే ప్రయోజనం లేదు.

నడిమి మార్గం వాట్సాప్ కమ్యూనిటీ. అందులో అనౌన్స్‌మెంట్ గ్రూపు ఒకటి తానుగా వస్తుంది. అందులో కమ్యూనిటీ అడ్మిన్లే పోస్టు పెట్టగలరు, సభ్యుల నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు. ఈ రెండో లాభాన్ని తక్కువ చేయొద్దు. మామూలు గ్రూపులో తన నంబరు తొమ్మిది వందలమందికి కనిపిస్తుందని వెనకాడే అమ్మాయిలు కమ్యూనిటీలో ధైర్యంగా చేరతారు. దాని కింద కర్నూలు, నంద్యాల, ఆదోని అని విడి గ్రూపులు పెడితే, నేను ఇందాక ఒకే గ్రూపులో వద్దన్న ఊళ్లవారీ పంపకం ఇక్కడ చక్కగా కుదురుతుంది. ఊరి గ్రూపు అడ్మిన్లు ఆ ఊరి మంచీచెడూ చూస్తారు, పోస్టులు మాత్రం పైన ఒకేచోట వంతులో ఉన్న మనిషి పెడతారు. సభ్యులు ఐదారు వందలు దాటి, ఊళ్లు రెండు మూడు ఉంటే నా ఓటు దీనికే. ఒకే ఊరు, ఐదువందల లోపు అయితే మామూలు గ్రూపు చాలు.

ఫేస్‌బుక్ గ్రూపులో అడ్మిన్, మోడరేటర్ అని రెండు మెట్లున్నాయి. మోడరేటర్ సభ్యుల్ని, పోస్టుల్ని అనుమతించగలరు, సెట్టింగులు మార్చలేరు. పంపకానికి బాగుంటుంది కానీ అక్కడ పోస్టులు వచ్చిన వరుసలో అందరికీ కనిపించవు. నిన్నటి రిక్వెస్టు ఇవాళ పైకి రావడం రక్తం విషయంలో పనికిరాదు.

ఒక రాత్రి ఎలా నడుస్తుంది

మామూలు వాట్సాప్ గ్రూపే అనుకుని ఒక కేసు మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. రాత్రి 11:10కి డ్యూటీ అడ్మిన్‌కు ఫోను వస్తుంది. పెద్దాసుపత్రిలో కాన్పు కేసు, ఓ నెగెటివ్ 2 యూనిట్లు కావాలంటున్నారు. అడ్మిన్ మొదట అడగాల్సింది డాక్టరు సంతకం ఉన్న రిక్వెస్టు ఫారం ఫోటో. అది తన వాట్సాప్‌కు తెప్పించుకుని చూడాలి, గ్రూపులో పెట్టకూడదు. అందులో పేషెంటు పేరు, వయసు, జబ్బు ఉంటాయి. తర్వాత ఒక ప్రశ్న తప్పకుండా వేయాలి: "ఇంకే గ్రూపులో అడిగినారమ్మా?" ఫోను చేసిన అమ్మాయి భయంతో నాలుగు గ్రూపుల్లో అడిగి ఉంటుంది, అది తప్పు కాదు. కానీ ఆ సంగతి మనకు తెలిసుండాలి.

ఆ తర్వాత అడ్మిన్ల చిన్న గ్రూపులో ఒక్క లైను రాస్తారు: "ఓ నెగెటివ్ 2, పెద్దాసుపత్రి, ఫారం చూశాను, నేను చూసుకుంటున్నా." ఈ లైను పడ్డాక మిగతా ఐదుగురిలో ఎవరికి అదే కేసు మీద ఫోను వచ్చినా పోస్టు పెట్టరు, డ్యూటీలో ఉన్నవారికి చెప్పి వదిలేస్తారు. గొడవలన్నిటినీ ఆపేది ఈ ఒక్క లైనే.

ఇప్పుడు పోస్టు. అది ఇలా ఉంటుంది:

```
ఓ నెగెటివ్ - 2 యూనిట్లు
పెద్దాసుపత్రి బ్లడ్ బ్యాంకు, కర్నూలు
12వ తేదీ రాత్రి 11:20కి పెట్టింది
13వ తేదీ ఉదయం 6 దాటితే పట్టించుకోవద్దు
బయలుదేరే ముందు డ్యూటీ నంబరుకు ఫోన్ చేయండి
```

ఇందులో అటెండరు నంబరు లేదని గమనించారా? డ్యూటీ నంబరే ఉంది. దాతలంతా ఒకే మనిషికి ఫోను చేస్తారు కాబట్టి ఇద్దరు చాలు అన్నచోట ఆరుగురు బయలుదేరరు. బ్రోకరుకు అటెండరు నంబరు దొరకదు. మగవాళ్లయితే రక్తమిచ్చి 90 రోజులు, ఆడవాళ్లయితే 120 రోజులు దాటిందా అని ఆ ఫోనులోనే అడగవచ్చు. గడువు రాయడానికి కారణం వేరు. మన పోస్టును ఎవరో ఒకరు వేరే గ్రూపులకు పంపుతారు. మనం ఇక్కడ తీసేసినా అక్కడి కాపీ పోదు. నెలరోజుల తర్వాత కూడా ఆ కాపీ చూసి ఎవరో ఫోను చేస్తారు. తేదీ, గడువు అందులోనే రాసి ఉంటే ఆ కాపీ తన పని తానే ముగించుకుంటుంది.

పోస్టు పెట్టాక దాన్ని 24 గంటలకు పిన్ చేస్తారు. వాట్సాప్‌లో ఒకేసారి మూడు పిన్‌లే ఉంటాయి. నాలుగోది పెడితే పాతది పోతుంది. అందుకే పిన్ చేసే పని కూడా వంతులోని మనిషిదే, ఇంకెవరూ చేయకూడదు. రక్తదాన శిబిరం పోస్టరు పిన్ చేయాలని ఆరోవారికి అనిపించినా డ్యూటీలో ఉన్నవారినే అడగాలి.

11:45కి వెంకటరమణ కాలనీ నుంచి ఒకరు, కల్లూరు నుంచి ఒకరు బయలుదేరారు. 12:40కి ఇద్దరూ ఇచ్చేశారు. ఇప్పుడు పోస్టును ముగించాలి. వాట్సాప్‌లో పెట్టిన మెసేజీని 15 నిమిషాల్లోపే దిద్దవచ్చు, అదీ పెట్టినవారే. గంట దాటిపోయింది కాబట్టి దిద్దడం కుదరదు. పోస్టును అందరికీ కనబడకుండా తీసేసి, "పెద్దాసుపత్రి ఓ నెగెటివ్ అయిపోయింది, ఇద్దరన్నలకూ దండాలు" అని కొత్త మెసేజీ పెట్టాలి. పెట్టినవారే ముగించాలి. డ్యూటీ మారే వేళ తెరిచి ఉన్న పోస్టు ఏదైనా ఉంటే వచ్చే మనిషికి ఫోను చేసి అప్పజెప్పాలి, మెసేజీ రాసి పడుకోవడం చాలదు. అవతలివాళ్లు చూశారో లేదో తెలియదు.

చేర్చుకోవడం, పంపించేయడం

గ్రూపు సెట్టింగుల్లో `Approve new members` పెట్టాక ఎవరు లింకు నొక్కినా అనుమతి కోసం వరుసలో నిలబడతారు. ఆ వరుస అడ్మిన్లందరికీ కనిపిస్తుంది, అందరూ నొక్కగలరు. అక్కడే చేయి ఆపుకోవాలి. చేర్చుకునే పని చూసేవారు రోజుకొకసారి, మధ్యాహ్నమో సాయంత్రమో, ఒక సమయం పెట్టుకుని ఒక్కొక్కరికీ మెసేజీ పెట్టి మూడు విషయాలు అడుగుతారు: ఏ గ్రూపు రక్తం, చివరిసారి ఎప్పుడిచ్చారు, ఉండేది ఎక్కడ. జవాబులు ఒక పుస్తకంలోనో షీటులోనో రాసుకుంటారు. ఆపినవాళ్ల పేరు ఎదురుగా కారణం కూడా రాస్తారు. "వాడు మా బావమరిది ఫ్రెండు" అని ఇంకో అడ్మిన్ వచ్చినప్పుడు ఆ పుస్తకమే జవాబు చెబుతుంది, మనుషుల మధ్య మాట పడదు. ఇద్దరు అడ్మిన్లకు నచ్చినవాళ్లను అడగకుండా చేర్చే వెసులుబాటు ఒకసారి ఇస్తే ఇక వరుస ఉన్నా లేనట్టే.

మెసేజీ తీయడం చిన్న పని, మనిషిని తీయడం పెద్ద పని. మొదటిది డ్యూటీలో ఉన్నవారు ఒక్కరే చేయవచ్చు. రెండోదానికి ఇద్దరు అడ్మిన్లు ఒప్పుకోవాలి, మర్నాడు పగటిపూట చేయాలి. టెలిగ్రామ్‌లో అయితే ఒక మనిషిని ఒక రోజో వారమో మెసేజీలు పెట్టకుండా ఆపవచ్చు, వాట్సాప్‌లో ఆ మధ్య మెట్టు లేదు. అడ్మిన్ తీసేసిన మనిషి మళ్లీ లింకుతో రాలేడు, ఎవరో ఒక అడ్మిన్ చేర్చుకోవాలి. అంటే కోపంలో తీసిన మనిషిని వెనక్కి తేవాలంటే ఇంకో అడ్మిన్ ఆ నిర్ణయాన్ని కాదనాలి. అక్కడి నుంచే అడ్మిన్ల మధ్య పంతాలు పుడతాయి. దాతను పోగొట్టుకోవడం అన్నిటికంటే పెద్ద నష్టం, అందులోనూ నెగెటివ్ గ్రూపు మనిషి అయితే మరీ.

తొందరపడి తీసేసేవాళ్లు చెప్పే కారణం ఒకటే: "కేసు మన మీదికి వస్తుందేమో అన్నా." సభ్యుడు పెట్టిన పోస్టుకు కేవలం అడ్మిన్ అయినందుకే ఆ మనిషిని బాధ్యుణ్ని చేయలేమని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. చెడ్డ మెసేజీని వెంటనే తీయాల్సిందే, అందులో రెండో మాట లేదు. మనిషి సంగతి మాత్రం పొద్దున చూసుకోవచ్చు.

వంతులు ఎలా వేయాలి

నలుగురికి రోజుకు మూడు వంతులు వేస్తే వారానికి ఒక్కొక్కరికి ఐదారు పడతాయి. సమయాలు రాసుకునేటప్పుడు మన ఊరి సంవత్సరాన్ని చూడాలి. వానలు తగ్గే రోజుల్లో డెంగీ కేసులతో ప్లేట్‌లెట్ల రిక్వెస్టులు ఒక్కసారిగా పెరుగుతాయి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు, అందుకే ఎప్పటికప్పుడు దాత కావాలి. ఆ నెలల్లో సాయంత్రం వంతుకు ఇద్దర్ని పెట్టుకుని, ఒకరు ఫోన్లు తీస్తే ఒకరు పోస్టులు చూడాలి. ఇద్దరున్నప్పుడు పోస్టు పెట్టేది ఎవరో ముందే అనుకోవాలి. ఎండాకాలం సెలవుల్లో హాస్టలు పిల్లలు ఊళ్లకు పోతారు, దాతలు తగ్గుతారు, ఒక్కో పోస్టు ఎక్కువసేపు తెరిచి ఉంటుంది, కాబట్టి వంతు మారేటప్పుడు అప్పజెప్పడం మరింత జాగ్రత్తగా చేయాలి.

రంజాన్ నెల సంగతి కర్నూలులో వేరే చెప్పాలి. మన దాతల్లో ముస్లిం సోదరులు చాలామంది. ఉపవాసం వల్ల పగలు ఇవ్వలేరు, ఇఫ్తార్ అయ్యాక కొంచెం ఆగి వస్తారు. పగటి పోస్టులకు జవాబు రాలేదని డ్యూటీ అడ్మిన్ కంగారుపడి పదిసార్లు అదే పోస్టు పెట్టడం ఈ నెలలోనే ఎక్కువ చూస్తాం. ఆగగలిగే కేసైతే పగలు ఒక్కసారి పెట్టి, సాయంత్రం ఏడున్నర తర్వాత మళ్లీ పెట్టాలి. ఉపవాసంలో ఉన్న అడ్మిన్లకు సహరీ కోసం తెల్లవారుజామున ఎలాగూ మెలకువ ఉంటుంది. చాలాచోట్ల వాళ్లే ముందుకొచ్చి మూడు నుంచి ఆరు దాకా వంతు తీసుకుంటారు. దానికి బదులుగా మధ్యాహ్నం వంతు మిగతావాళ్లు తీసుకోవాలి.

ఈ ఏర్పాటు మొదలుపెట్టేవాళ్లు మొదటి నెల ఒక్క విషయం లెక్క రాసుకోండి: అవసరం తీరిపోయాక ఆసుపత్రికి వచ్చి వెనక్కి వెళ్లిన దాతలు ఎంతమంది. ఆ లెక్క పెరుగుతుంటే పోస్టులు ముగించడంలో ఆలస్యం జరుగుతోందని అర్థం, వంతు మారే సమయాల్లో వెతకండి. ఆ లెక్క తక్కువే ఉండి, రిక్వెస్టులకు జవాబు రావడానికి గంటలు పడుతుంటే రాత్రి వంతు మనిషి ఫోను సైలెంటులో ఉందేమో ముందు అడగండి.